రూపాయి రాక, రూపాయి పోక: ఆ నూరు పైసలు ఏ నూరు?

ఫిబ్రవరి రెండో తేదీ పొద్దున్నే పేపరు తెరిచారా, మొదటి పేజీలో ఆ బొమ్మలు కనిపిస్తాయి. ఒక రూపాయి బిళ్లను ముక్కలుగా కోసి, పక్కనే ఇంకో బిళ్లను ఇంకోలా కోసి పెడతారు. ఒకదాని పైన 'రూపాయి రాక' అనీ రెండోదాని పైన 'రూపాయి పోక' అనీ ఉంటుంది. మనం కాఫీ తాగుతూ అప్పు ఎంత, రక్షణ ఎంత, వడ్డీ ఎంత అని చూసి పేజీ తిప్పేస్తాం. మనకు అంతవరకు చాలు. డిగ్రీ చదివే పిల్లకు మాత్రం చాలదు. వాళ్ల లెక్చరర్ ఆ బొమ్మలే ఇచ్చి, 'కేంద్ర బడ్జెట్ రాబడి, వ్యయాల చార్టులను పరిశీలించి వివరించండి' అని అసైన్‌మెంట్ ఇస్తారు. రండి, ఇవాళ ఆ బొమ్మల గురించే కాసేపు మాట్లాడుకుందాం. బీఏ ఎకనామిక్స్ చదువుతున్న మా చెల్లెలి కూతురు తన అసైన్‌మెంటు పట్టుకొచ్చినప్పటి కబుర్లు ఇవి. మీ ఇంట్లోనూ అలాంటి పిల్లో పిల్లాడో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

తను తీసుకున్నది 2025-26 బడ్జెట్. 2025 ఫిబ్రవరి 1న నిర్మలా సీతారామన్ పార్లమెంటులో పెట్టినది. పేపర్లో వచ్చిన బొమ్మలకు మూలం 'బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్' అనే పల్చటి పుస్తకం. indiabudget.gov.in లో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. బడ్జెట్ కట్టలో పుస్తకాలు చాలానే ఉంటాయి గానీ, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ముందు ఇదొక్కటి చాలు. ఈ రెండు చార్టులూ, వాటితో పాటు రాబడి, ఖర్చు, లోటు లెక్కల పట్టికలూ అందులోనే ఉంటాయి. చార్టును పట్టిక పక్కన పెట్టి చదవాలి. చార్టు ఒక్కటే చూసి రాస్తే ఎక్కడ తప్పుతామో ఇప్పుడు చూడండి.

ముందు బొమ్మలో ఏముందో చెప్పేస్తాను. వచ్చే రూపాయిలో అప్పులూ ఇతర బాధ్యతలూ 24 పైసలు, ఆదాయపు పన్ను 22, జీఎస్టీ వగైరా 18, కంపెనీలు కట్టే కార్పొరేషన్ పన్ను 17, పన్నేతర ఆదాయం 9, కేంద్ర ఎక్సైజ్ 5, కస్టమ్స్ సుంకం 4, అప్పు కాని మూలధన వసూళ్లు 1 పైసా. కూడితే నూరు. పోయే రూపాయిలో పన్నుల్లో రాష్ట్రాల వాటా 22 పైసలు, వడ్డీలు 20, కేంద్ర పథకాలు 16. ఆ తర్వాత నాలుగు ముక్కలు ఎనిమిదేసి పైసలు: రక్షణ, కేంద్ర ప్రాయోజిత పథకాలు, ఫైనాన్స్ కమిషన్ వగైరా బదిలీలు, ఇతర ఖర్చులు. ముఖ్యమైన సబ్సిడీలు 6, పింఛన్లు 4. ఇదీ కూడితే నూరే.

మా పిల్ల ఇదంతా చక్కగా ఎత్తి రాసుకుంది. దాని కింద ఇలా రాసింది: 'కేంద్ర ప్రభుత్వ మొత్తం వ్యయం 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందులో 24 శాతం అప్పుల ద్వారా సమకూరుతోంది. 20 శాతం వడ్డీలకు పోతోంది.' చదవడానికి ఎంత సాఫీగా ఉందో చూశారా? 50.65 లక్షల కోట్లు నిజమే, ఆర్థికమంత్రి ప్రసంగంలో ఉన్న అంకె. 24, 20 కూడా నిజమే, చార్టులో ఉన్న అంకెలు. అయినా ఆ మూడింటినీ కలిపి రాసిన వాక్యాలు రెండూ తప్పు.

తప్పని ఎలా తెలుస్తుంది? నేను ఏమీ చెప్పకుండా, 'ఆ 24 శాతాన్ని రూపాయల్లోకి మార్చి చూడు తల్లీ' అన్నాను. ఫోన్‌లో లెక్క వేసింది. 50.65 లక్షల కోట్లలో 24 శాతం అంటే 12.16 లక్షల కోట్లు. 'ఇప్పుడు లోటు పట్టిక చూడు, ద్రవ్యలోటు ఎంతుంది?' అన్నాను. అక్కడ 15,68,936 కోట్లు ఉంది, అంటే 15.69 లక్షల కోట్లు. మా పిల్ల మళ్లీ లెక్క వేసింది. మళ్లీ అదే వచ్చింది. 'మూడున్నర లక్షల కోట్లు తేడా వస్తోంది పెద్దమ్మా, పైసలను దగ్గరి అంకెకు సవరించడం వల్లనా?' అంది. సవరింపు వల్ల అంత తేడా రాదు. ఒక్క పైసాలో సగం వరకే అటూ ఇటూ అవుతుంది. ఇది ఏడు పైసల తేడా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, చార్టులోని అప్పుల ముక్కను ద్రవ్యలోటుతో ఎందుకు పోల్చానో చెప్పాలి. మా పిల్ల కూడా 'అప్పు రాబడి ఎలా అవుతుంది?' అని అడిగింది. బడ్జెట్ లెక్కలో ఖజానాకు వచ్చేదంతా రాబడే, అయితే అది రెండు రకాలు. పన్నులు, ప్రభుత్వ సంస్థలూ రిజర్వు బ్యాంకూ ఇచ్చే డివిడెండ్లు, ఫీజుల లాంటివి తిరిగి ఇవ్వక్కర్లేనివి. వాటిని రెవెన్యూ వసూళ్లు అంటారు. అప్పులేమో తిరిగి తీర్చాల్సినవి. పాత బాకీల వసూలూ ప్రభుత్వ వాటాల అమ్మకమూ ఉన్న ఆస్తిని తగ్గించుకోవడం కిందికి వస్తాయి. ఈ రెండు తరహాలూ మూలధన వసూళ్లు. ఖర్చు ఎంతుంటే అంతకు సరిపడా రాబడి చూపించాల్సిందే కాబట్టి, అప్పు కాని వసూళ్లన్నీ పోగా ఇంకా ఎంత తక్కువైతే అంతా 'అప్పులు, ఇతర బాధ్యతలు' అనే పద్దులో పడుతుంది. ఆ తక్కువైనదే ద్రవ్యలోటు. అందుకే ఈ రెండూ ఒకటే అంకె. 2025-26కి అది దేశ స్థూల ఉత్పత్తిలో 4.4 శాతం.

ఇందులోంచే ఇంకో సంగతి తేలుతుంది. రెండు బిళ్లలూ ఒకే సైజులో ఉంటాయి, రెండూ నూరు పైసలే. పైపైన చూసిన పిల్లలు కొందరు 'రాబడీ ఖర్చూ సమానంగా ఉన్నాయి కాబట్టి ఇది సమతుల్య బడ్జెట్' అని రాసేస్తారు. లోటు బిళ్లల సైజులో కనిపించదు. వచ్చే రూపాయిలో అప్పుల ముక్కగా కూర్చుని ఉంటుంది. అందుకే ఆ బొమ్మలో ముందుగా చూడాల్సిన ముక్క అదే.

సరే, మన మూడున్నర లక్షల కోట్ల దగ్గరికి వద్దాం. 'పోయే రూపాయిలో అన్నిటికన్నా పెద్ద ముక్క ఏది?' అని అడిగాను. రాష్ట్రాల వాటా, 22 పైసలు. 'దాన్ని ఖర్చుల పట్టికలో వెతుకు.' వెతికింది. వడ్డీలు ఉన్నాయి, పింఛన్లు ఉన్నాయి, సబ్సిడీలు ఉన్నాయి. పన్నుల్లో రాష్ట్రాల వాటా మాత్రం 50.65 లక్షల కోట్ల ఖర్చులో ఎక్కడా లేదు. పట్టికలో లేని ముక్క చార్టులో ఉందంటే, చార్టు కోసింది ఆ 50.65 లక్షల కోట్ల బిళ్లను కాదన్నమాట. ఇంకా పెద్ద బిళ్లను కోశారు.

ఆ వాటా రాబడి పట్టికలో దొరుకుతుంది. అక్కడ కేంద్రం వసూలు చేసే మొత్తం పన్నులు 42,70,233 కోట్లు అని మొదట వేసి, దాంట్లోంచి రాష్ట్రాల వాటా 14,22,444 కోట్లు తీసేస్తారు. విపత్తుల సహాయ నిధికి వెళ్లే కొద్ది మొత్తాన్ని కూడా తీసేసి, 'కేంద్రానికి నికరంగా మిగిలే పన్నులు 28,37,409 కోట్లు' అని చూపిస్తారు. ఇక అక్కడినుంచి లెక్కంతా ఆ నికర మొత్తంతోనే నడుస్తుంది. అంటే రాష్ట్రాల వాటాను రాబడిలోకే రానివ్వలేదు కాబట్టి ఖర్చులోనూ చూపించనక్కర్లేదు. చార్టు దగ్గర మాత్రం లెక్క వేరు. అక్కడ ఆదాయపు పన్ను, జీఎస్టీ, ఎక్సైజ్ అన్నీ రాష్ట్రాల వాటా తీయకముందు ఎంతున్నాయో అంతా చూపిస్తారు. రాబడిలో అంతా చూపించాక, రాష్ట్రాలకు ఇచ్చేది ఖర్చు వైపు చూపించకపోతే లెక్క కలవదు. అందుకే పోయే రూపాయిలో ఆ 22 పైసల ముక్క వచ్చింది.

అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా ఒక ఇల్లు ఉందనుకోండి. అద్దె మొత్తం అన్నే వసూలు చేసి తమ్ముడి భాగం తమ్ముడికి పంపిస్తాడు. అన్న తన పద్దుల పుస్తకంలో మొత్తం అద్దె జమ రాసుకుని తమ్ముడికి పంపింది ఖర్చు రాయవచ్చు. లేదా తన భాగం మటుకే జమ రాసుకోవచ్చు. రెండూ సరైన పద్దులే, చివర మిగిలేదీ ఒకటే. కానీ మొదటి పద్దులోని శాతాన్ని తీసుకొచ్చి రెండో పద్దులోని మొత్తానికి కట్టకూడదు.

ఇప్పుడు ఆ పెద్ద బిళ్ల ఎంతో మనమే కట్టుకోవచ్చు. 50,65,345 కోట్లకు 14,22,444 కోట్లు కలపండి. 64,87,789 కోట్లు, సుమారుగా 64.88 లక్షల కోట్లు. చార్టులోని నూరు పైసలు ఇవీ. మన ఊహ నిజమో కాదో పరీక్షించడం కూడా సులువే. అప్పులు 15.69 లక్షల కోట్లను 64.88తో భాగిస్తే 24.2 శాతం వస్తుంది, చార్టులో 24 పైసలు. ఆదాయపు పన్ను అంచనా 14.38 లక్షల కోట్లు, అది 22.2 శాతం, చార్టులో 22 పైసలు. వడ్డీలు 12.76 లక్షల కోట్లు, అది 19.7 శాతం, చార్టులో 20 పైసలు. మా పిల్ల ఒక్కొక్కటే వేసుకుంటూ పోయింది, అన్నీ కలిశాయి. అలా కలిసినప్పుడు ఇక ఎవరినీ అడగాల్సిన పని ఉండదు. చార్టును ఎలా తయారుచేశారో మనకు తెలిసిపోయినట్టే.

అలా తెలిశాక మొదట రాసిన వాక్యాలను సరిచేసింది. కేంద్రం తన చేతుల మీదుగా పెట్టే 50.65 లక్షల కోట్ల ఖర్చులో అప్పుల ద్వారా వచ్చేది 24 శాతం కాదు, 31 శాతం. వడ్డీలకు పోయేది 20 శాతం కాదు, 25 శాతం. అంటే అయిదో వంతు అనుకున్నది నిజానికి నాలుగో వంతు. ఈ తేడా చిన్నది కాదండీ. ప్రభుత్వం అప్పుల భారం ఎంత అనే ప్రశ్నకు జవాబే మారిపోతోంది.

వడ్డీ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో అడుగు ముందుకు వేద్దాం. వడ్డీ కట్టాల్సింది అసలు దేంట్లోంచి? కొత్త అప్పు తెచ్చి పాత అప్పు వడ్డీ కడుతున్నామా, సొంత రాబడిలోంచి కడుతున్నామా అని తెలుసుకోవాలంటే, వడ్డీని రెవెన్యూ వసూళ్లతో పోల్చాలి. కేంద్రం నికర పన్నులు, పన్నేతర ఆదాయం కలిపి 2025-26కి 34.20 లక్షల కోట్లు. అందులో 12.76 లక్షల కోట్లు వడ్డీకి పోతే అది 37 శాతం. ఒకే వడ్డీ పెద్ద బిళ్లలో 20, కేంద్రం ఖర్చులో 25, తిరిగి ఇవ్వక్కర్లేని రాబడిలో 37. మూడూ నిజమే. ఏ వాక్యంలోనైనా 'దేంట్లో' అనే మాట రాయకుండా వదిలేస్తే మాత్రం మూడూ పనికిరావు. అసైన్‌మెంటు మొత్తంలో నేను పట్టుబట్టి రాయించింది ఈ ఒక్క సంగతే. ప్రతి శాతం ముందూ అది దేనిలో శాతమో రాయి అన్నాను.

రాష్ట్రాల వాటా అన్నాం కదా, అది మన దగ్గరికి ఎలా వస్తుందో కూడా చూద్దాం. ఇది కేంద్రం దయతో ఇచ్చేది కాదు. రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం పంచుకోవాల్సిన పన్నులు. 15వ ఫైనాన్స్ కమిషన్ సిఫారసుతో ఆ వాటా 41 శాతంగా నడిచింది. 'అలాగైతే 42.70 లక్షల కోట్లలో 41 శాతం పదిహేడున్నర లక్షల కోట్లు అవ్వాలిగా, 14.22 ఎందుకుంది?' అని మా పిల్ల వెంటనే అడిగింది. సెస్సులు, సర్‌చార్జీలు పంచుకునే మొత్తంలోకి రావు. వాటినీ వసూలు ఖర్చులనూ తీసేశాక మిగిలిన దానిలో 41 శాతం. అందుకే మొత్తం పన్నులతో పోలిస్తే చేతికొచ్చేది 33 శాతం. ఇక్కడ కూడా అదే ప్రశ్న: 41 శాతం, కానీ దేంట్లో?

రాష్ట్రాలకు వెళ్లే ఆ మొత్తంలో 2025-26లో ఆంధ్రప్రదేశ్ భాగం 4.047 శాతం, తెలంగాణ భాగం 2.102 శాతం. ఆ ఏడాది అంచనాలో అవి సుమారు 57,566 కోట్లు, 29,900 కోట్లు. ఇవే రూపాయలు అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ పెట్టే రాష్ట్ర బడ్జెట్లలో 'కేంద్ర పన్నుల్లో వాటా' అని రాబడి వైపు కనిపిస్తాయి. అందుకే కేంద్రం ఖర్చునూ రాష్ట్రాల ఖర్చునూ కలిపి 'దేశంలో ప్రభుత్వాలు పెట్టే మొత్తం ఖర్చు' అని రాయదలచినవాళ్లు, చార్టులోని పెద్ద బిళ్లను తీసుకుంటే ఈ వాటాను రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. కేంద్రం ఇచ్చే గ్రాంట్లకూ అదే జాగ్రత్త కావాలి.

పైసల్లో చెప్పడం వల్ల ఏం మరుగున పడుతుందో కూడా చూడండి. 64.88 లక్షల కోట్ల బిళ్లలో ఒక పైసా అంటే దాదాపు 65 వేల కోట్లు. అర పైసా అంటే 32 వేల కోట్లు. తెలంగాణకు ఏడాదంతా వచ్చే వాటా ఆ అర పైసా కన్నా తక్కువ. అంకెను దగ్గరి పైసాకు సవరించినప్పుడు అంత మొత్తం అటో ఇటో కలిసిపోతుంది. కాబట్టి చార్టులోని పైసలతో మళ్లీ రూపాయలు కట్టవద్దు. రూపాయలు కావాలంటే పట్టికకే వెళ్లాలి.

ఇప్పటిదాకా బిళ్ల గురించి చెప్పుకున్నాం. ముక్కల పేర్లతో కూడా జాగ్రత్తగా ఉండాలి. మా పిల్ల పేపరు చూసి 'రక్షణకు 6.81 లక్షల కోట్లు' అని ఒకచోట, చార్టు చూసి 'రక్షణకు 8 పైసలు' అని ఇంకోచోట రాసుకుంది. 64.88లో 8 పైసలంటే 5.19 లక్షల కోట్లు మాత్రమే. మిగిలినది ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. రక్షణ శాఖకు కేటాయించిన మొత్తం 6,81,210 కోట్లు. సైనిక దళాల రోజువారీ ఖర్చూ ఆయుధాల కొనుగోళ్లూ కలిపి 4,91,732 కోట్లు. చార్టులో 'రక్షణ' అంటే ఇంతే. మాజీ సైనికుల పింఛన్లు 1,60,795 కోట్లు చార్టులో 'పింఛన్లు' అనే 4 పైసల ముక్కలోకి వెళ్లిపోయాయి. మిగిలిన కొద్దిపాటి శాఖాపరమైన ఖర్చు మిగతా ముక్కల్లో ఉంది. పింఛన్ల ముక్క మొత్తం 2.77 లక్షల కోట్లు కాబట్టి, అందులో సగం కన్నా ఎక్కువ సైనిక పింఛన్లే. పింఛన్ల ముక్కను చూసి 'ఇదంతా ఆఫీసు ఉద్యోగుల పింఛను' అని రాసేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

అలాగే కేంద్ర పథకాల ముక్క. పట్టికలో కేంద్ర పథకాలకు 16.22 లక్షల కోట్లు ఉంది. 64.88లో అది 25 పైసలు అవ్వాలి, చార్టులో 16 పైసలే ఉన్నాయి. ఆ ముక్క పేరు పక్కనే, రక్షణ మూలధన వ్యయాన్నీ ముఖ్య సబ్సిడీలనూ మినహాయించామని రాసి ఉంటుంది. ఎందుకంటే అవి వేరే ముక్కల్లో ఇప్పటికే వచ్చేశాయి. 16.22 నుంచి రక్షణ మూలధనం 1.80, సబ్సిడీలు 3.83 తీసేస్తే 10.59 లక్షల కోట్లు మిగులుతుంది. అది 16.3 శాతం. చూశారా, కలిసింది. చార్టులో ముక్క పేరు పక్కన ఏదైనా మినహాయింపు కనిపిస్తే ముందు అది చదవాలి, ఆ తర్వాతే అంకె.

చార్టులో లేనివాటి గురించి కూడా ఒక మాట. 'విద్యకూ ఆరోగ్యానికీ కేంద్రం ఏమీ ఖర్చు పెట్టడం లేదు, చార్టులో ఆ ముక్కలే లేవు' అని మా పిల్ల స్నేహితురాలు రాసిందట. ఈ చార్టు రంగాలవారీగా కోసింది కాదు. డబ్బు ఏ దారిన పోతోంది అనేదాన్ని బట్టి కోసింది: వాటాగానా, వడ్డీగానా, పథకంగానా, సబ్సిడీగానా అని. సమగ్ర శిక్షా లాంటి కేంద్ర ప్రాయోజిత పథకంలో పెట్టే డబ్బు కేంద్ర ప్రాయోజిత పథకాల ముక్కలో ఉంటుంది, కేంద్ర విశ్వవిద్యాలయాలకు ఇచ్చేది ఇంకో ముక్కలో ఉంటుంది. విద్యకు ఎంత, వ్యవసాయానికి ఎంత అని తెలియాలంటే అదే పుస్తకంలో ముఖ్య పద్దులవారీ ఖర్చుల పట్టిక వేరే ఉంది. అక్కడ చూడాలి.

చివరిగా, నిరుటితో పోలిక. అసైన్‌మెంట్‌లో ఇది తప్పకుండా అడుగుతారు. 2024-25 పూర్తి బడ్జెట్ చార్టులో అప్పుల ముక్క 27 పైసలు, 2025-26లో 24 పైసలు. 'అప్పులు తొమ్మిదో వంతు తగ్గాయి' అని రాయాలనిపిస్తుంది. రూపాయల్లో చూస్తే 16.13 లక్షల కోట్ల నుంచి 15.69 లక్షల కోట్లకు, అంటే మూడు శాతం కూడా తగ్గలేదు. బిళ్ల మాత్రం 60.68 నుంచి 64.88 లక్షల కోట్లకు పెరిగింది. ముక్క చిన్నదైంది ఎక్కువగా బిళ్ల పెద్దదవడం వల్లే. రెండేళ్ల చార్టులను పక్కపక్కన పెట్టినప్పుడు ముక్క మారిందా, బిళ్ల మారిందా అని అడక్కుండా తీర్పు రాయకూడదు.

పోల్చడానికి ఏ వరస తీసుకున్నామన్నది కూడా అంతే ముఖ్యం. పట్టికలో నాలుగు వరసలు నిలువుగా ఉంటాయి: 2023-24 వాస్తవ లెక్కలు, 2024-25 బడ్జెట్ అంచనా, 2024-25 సవరించిన అంచనా, 2025-26 బడ్జెట్ అంచనా. రోడ్లు, రైల్వేలు, భవనాల లాంటి ఆస్తుల మీదా, రాష్ట్రాలకిచ్చే అప్పుల మీదా పెట్టే మూలధన వ్యయాన్నే తీసుకోండి. 2025-26కి 11.21 లక్షల కోట్లు. 2024-25లో ఖర్చు పెడతామని మొదట చెప్పింది 11.11 లక్షల కోట్లు. ఏడాది గడిచేకొద్దీ అంత ఖర్చవడం లేదని తేలి, సవరించిన అంచనాలో 10.18 లక్షల కోట్లకు దించారు. ఇప్పుడు అంచనాతో అంచనాను పోలిస్తే పెరుగుదల ఒక శాతం లోపే. సవరించిన అంచనాతో పోలిస్తే 10 శాతం. ఒకే ఏడాది మూలధన వ్యయం గురించి 'కదల్లేదు' అని ఒకరు, 'బాగా పెరిగింది' అని ఇంకొకరు రాశారంటే, ఇద్దరూ చెరో వరస చూశారన్నమాట. ప్రభుత్వ ఉద్దేశం ఎంత మారిందో చెప్పాలంటే అంచనాతో అంచనా చూడాలి. నిజంగా ఖర్చయ్యేది ఎంత పెరగాల్సి ఉందో చెప్పాలంటే సవరించిన అంచనాతో చూడాలి. నిజంగా ఏమైందో చెప్పాలంటే వాస్తవ లెక్కలు వచ్చేదాకా ఆగాలి. అవి ఏడాది ముగిశాక వచ్చే బడ్జెట్ పుస్తకంలో గానీ కనిపించవు.

అంతా అయ్యాక మా పిల్ల అసైన్‌మెంటును మళ్లీ రాసింది. మొదటి పేరాలోనే, చార్టు మొత్తంలో రాష్ట్రాల వాటా కలిసి ఉందనీ, ఆ మొత్తం 64.88 లక్షల కోట్లనీ, దాన్ని తను ఎలా కట్టిందో రెండు వరసల్లో రాసింది. రెండో పేరాలో లోటును అప్పుల ముక్కలోంచి చూపించి, పట్టికలోని ద్రవ్యలోటుతో సరిపోల్చింది. మూడో దాంట్లో వడ్డీని మూడు బిళ్లలతో కొలిచి చూపించింది. తర్వాత రక్షణ, పింఛన్ల సంగతి. చివర్లో నిరుటితో పోలిక, ఏ వరసతో పోల్చిందో పేరు చెప్పి మరీ. నాలుగు పేజీలు కూడా కాలేదు. మొదటి ప్రతిలో రంగు రంగుల బొమ్మలు గీసింది గానీ ఒక్క లెక్కా లేదు. ఈ ప్రతిలో బొమ్మలు రెండే, కానీ ప్రతి శాతం పక్కనా 'మొత్తం వ్యయంలో', 'రెవెన్యూ వసూళ్లలో', 'రాష్ట్రాల వాటా కలిపిన మొత్తంలో' అని దాని మూలం రాసి ఉంది.

మీ ఇంట్లో పిల్లలకు ఈ ఫిబ్రవరి చార్టు ఇచ్చి చూడండి. అంకెలు ఏటా మారతాయి, లెక్క కట్టే పద్ధతి ఇదే. రాష్ట్రాల వాటాను రాబడి పట్టికలో వెతికి మొత్తం ఖర్చుకు కలపమనండి. ద్రవ్యలోటును ఆ మొత్తంతో భాగించమనండి. వచ్చిన శాతం చార్టులోని అప్పుల పైసలతో కలిస్తే సరైన బిళ్ల దొరికినట్టే, ఇక మిగతా ముక్కలను ధైర్యంగా చదవవచ్చు. కలవకపోతే ఏదో ఒకటి రెండుసార్లు వచ్చిందనో, ఏదో మినహాయింపును చదవలేదనో అర్థం. కలిసేదాకా ఒక్క వాక్యం కూడా రాయవద్దని చెప్పండి.